టిక్కులన్నీ ఉన్నాయి, కవర్లు మాత్రం లీకవుతున్నాయి: పొడుల ప్యాకింగ్ యూనిట్‌కి ఆడిట్ చెక్‌లిస్ట్ తయారుచేసిన అనుభవం

గుంటూరు శివారులో ఒక చిన్న యూనిట్ ఉంది. కారం, పసుపు, కంది పొడి, పల్లీల పొడి 100, 200 గ్రాముల పౌచ్‌లలో నింపి చుట్టుపక్కల జిల్లాల కిరాణా షాపులకు పంపుతారు. పనివాళ్ళు పదకొండు మంది, అందులో తొమ్మిది మంది ఆడవాళ్ళు. పొడిని తిరిగే స్క్రూతో కవర్లలోకి దించే ఒక ఆగర్ ఫిల్లర్, కవరు మూతిని వేడితో అతికించే రెండు బ్యాండ్ సీలర్లు, తేదీ వేసే ఒక చేతి ప్రింటర్, మూడు ఎలక్ట్రానిక్ కాటాలు. యంత్రాలంటే అంతే. పల్లీల పొడికి నూనె జిడ్డు ఎక్కువ, ఆగర్‌లో సరిగా దిగదు. అందుకే దాన్ని గరాటుతో చేత్తోనే నింపుతారు.

ఓనరు నన్ను పిలిచింది ఒక పంపిణీదారుడు సరుకు వాపసు పంపాక. పల్లీల పొడికి పాత నూనె వాసన వస్తోందని, కారం కొన్ని ప్యాకెట్లలో ఉండ కడుతోందని అతని ఫిర్యాదు. "మేడం, మేము నెలనెలా ఆడిట్ చేస్తున్నాం, అన్నీ సరిగానే ఉన్నాయి, అయినా ఇలా ఎందుకవుతోందో అర్థం కావట్లేదు" అని ఫైలు నా ముందు పెట్టారు. ఎవరో ఇచ్చిన ఫారం అది, 84 ప్రశ్నలు. ఐదు నెలల కాగితాలు తిరగేశాను. ప్రతి నెలా 84కి 80 పైనే టిక్కులు. "సీలింగ్ సరిగా ఉందా?" అన్న ప్రశ్నకు ఐదు నెలలూ "అవును".

దొంగ లెక్కలు రాశారని నేను అనుకోలేదు, ఇప్పటికీ అనుకోవడం లేదు. ఆ ఫారం నింపిన సూపర్‌వైజరు నిజాయితీగలవాడు. సీలర్ దగ్గరికి వెళ్ళాడు, మిషన్ తిరుగుతోంది, కవర్లు మూసుకుని బయటికొస్తున్నాయి, టిక్ పెట్టాడు. ఆ ప్రశ్న అతన్ని అంతకు మించి ఏమీ చేయమని అడగలేదు. కొత్త చెక్‌లిస్ట్‌లో మేము మార్చినదంతా ఇక్కడి నుంచే మొదలైంది.

మొదట వాపసు వచ్చిన సరుకు

చెక్‌లిస్ట్ రాయడానికి చాలామంది నిబంధనల పుస్తకంతో మొదలుపెడతారు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సింగ్ నిబంధనల్లో పరిశుభ్రత షరతులుండే నాలుగో షెడ్యూలు ముందేసుకుని ఒక్కో వాక్యాన్నీ ప్రశ్నగా మారుస్తారు. లైసెన్సు తనిఖీకి సిద్ధం కావాలంటే అది అవసరమే. కానీ అలా తయారైన ఫారంలో గేటు దగ్గర కాలువకు, సీలర్ బెల్టుకు ఒకే బరువు ఉంటుంది. నేను ముందు వాపసు వచ్చిన అట్టపెట్టెలు తెరిపించాను.

అందులో 43 ప్యాకెట్లు ఉన్నాయి. బకెట్‌లో నీళ్ళు పోసి ఒక్కొక్కటీ ముంచి, రెండు చేతులతో మెల్లగా నొక్కి చూశాం. 26 ప్యాకెట్లలో బుడగలు పై సీలు నుంచి వచ్చాయి. ఐదింటిలో అడుగు సీలు నుంచి, పక్క సీలు నుంచి వచ్చాయి. ఈ పౌచ్‌లు మూడు వైపులా మూసి, పైన మాత్రం తెరిచి వస్తాయి కాబట్టి ఆ ఐదూ పౌచ్ తయారుచేసినవాళ్ళ లోపం. మరో ఎనిమిదింటికి సీలు బాగానే ఉంది, కానీ తేదీ చెరిగిపోయి చదవడానికి లేదు. మిగిలిన నాలుగు అన్నివిధాలా గట్టిగా ఉన్నాయి, అయినా పొడికి పాత వాసన ఉంది. అంటే ఆ నాలుగింటిలో తప్పు ప్యాకింగ్‌ది కాదు, లోపల పోసిన పల్లీలదే.

ఈ వేరుచేత ఒక పూట పని. కానీ చెక్‌లిస్ట్‌లో ఏ ప్రశ్నకు ఎంత చోటివ్వాలో ఆ ఒక్క పూటలో తేలింది. పై సీలు మా మొదటి శత్రువు.

సీలు ఎందుకు పోతోంది

తర్వాత రెండు రోజులు సీలర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. అక్కడ పనిచేసే అక్క ఎనిమిదేళ్ళుగా అదే మిషన్ మీద ఉంది. ఆమె చెప్పినవి, నేను చూసినవి కలిపితే మూడు కారణాలు కనిపించాయి.

మొదటిది గరాటు. దాని మూతి పొట్టిగా ఉండి, సీలు పడే గీతకు పైనే ఆగిపోతోంది. పల్లీల పొడి జిడ్డుగా జారుతూ ఆ గీత మీదే అంటుకుంటోంది. రెండు పొరల మధ్య పొడి ఉంటే లోపలి ప్లాస్టిక్ కరిగినా పొర పొరకు అతుక్కోదు. పైకి చూస్తే సీలు గీతలు చక్కగా పడి ఉంటాయి. వెండి రంగు పొర ఉన్న కవరు కాబట్టి వెలుతురుకు పట్టి చూసినా లోపలిది కనబడదు.

రెండోది బెల్టు. వేడి దిమ్మకూ కవరుకూ మధ్య తిరిగే టెఫ్లాన్ బెల్టు అరిగి, ఒక చోట నల్లబడి ముడత పడింది. ఆ ముడత వచ్చిన చోట కవరుకు వేడి సరిగా అందదు. బెల్టు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి పది కవర్లలో ఏ ఒకటో రెండో పాడవుతాయి. మిగతావి బాగుంటాయి. ఒక్క కవరు చూసి టిక్ పెట్టేవాళ్ళకు ఇది ఎప్పటికీ దొరకదు.

మూడోది టీ విరామం. విరామంలో కరెంటు ఆదా కోసం హీటర్ ఆపేస్తారు. తిరిగి వేశాక వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కానీ బల్ల మీద నింపిన కవర్లు అప్పటికే వరుసగా ఉంటాయి. తొందరలో మొదటి ఇరవయ్యో ముప్ఫయ్యో అరవేడిలోనే వెళ్ళిపోతాయి.

రిజిస్టరులో ఇవేవీ కనబడవు. సీలింగ్ ఉష్ణోగ్రత గడిలో రోజూ, రోజుకు నాలుగుసార్లు, 160 అనే ఉంది. ఏ మిషనూ అన్ని నెలలు ఒకే అంకె మీద నిలబడదు కదా అని మీటరు చూస్తే విషయం తెలిసింది. అందులో రెండు అంకెలుంటాయి. పై అంకె అప్పటి అసలు వేడి, కింది అంకె మనం పెట్టుకున్న వేడి. వాళ్ళు రాస్తున్నది కింది అంకె. పైది రాసినా అది దిమ్మ వేడే కానీ కవరుకు అందిన వేడి కాదు. బెల్టు అరిగితే దిమ్మ 160లోనే ఉంటుంది, సీలు మాత్రం పచ్చిగా ఉంటుంది. అందుకే ఆడిట్ చెక్‌లిస్ట్‌లో ఉష్ణోగ్రత ప్రశ్న తీసేశాను. ఆ అంకె ఆపరేటరు రోజువారీ పుస్తకంలో ఉంటే చాలు. ఆడిట్ చేసేవాళ్ళు చూడాల్సింది సీలునే.

ప్రశ్నను పనిగా మార్చడం

"సీలింగ్ సరిగా ఉందా?" అన్నది ఇలా మారింది:

"మధ్యాహ్నం మిషన్ మళ్ళీ మొదలుపెట్టాక మొదటి పది నిమిషాల్లో వచ్చిన కవర్లలో పది వరుసగా తీసుకోండి. రెండు నిమిషాలు చల్లారనివ్వండి. నీళ్ళలో ముంచి, ఒక్కొక్కటి ఐదు అంకెలు లెక్కపెట్టే వరకు నొక్కండి. బుడగ వచ్చినవి ఎన్ని? ఎక్కడ నుంచి: పైన, పక్కన, అడుగున?"

ఇందులో ప్రతి మాటకూ కారణం ఉంది. "మళ్ళీ మొదలుపెట్టాక" అన్నది లేకపోతే ఆడిట్ ఎప్పుడూ ఉదయం తీరిక వేళలోనే జరుగుతుంది, టీ విరామం తప్పు ఎన్నటికీ బయటపడదు. "వరుసగా" అనకపోతే మనిషి కన్ను బాగున్న కవర్లనే ఏరుకుంటుంది, బెల్టు ముడత తప్పించుకుంటుంది. వేడిగా ఉన్న సీలు నొక్కితే బాగున్నది కూడా విడిపోవచ్చు, అందుకే చల్లారనివ్వాలి. ఎక్కడ నుంచి బుడగ వచ్చిందో రాస్తే సీలర్‌ను చూడాలా, పౌచ్ సప్లయర్‌కు ఫోన్ చేయాలా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఈ నీళ్ళ పరీక్షకు హద్దుంది. చేతి ఒత్తిడి మనిషి మనిషికీ మారుతుంది. సూదిమొన కంటే సన్నని రంధ్రాలు దీనికి దొరకవు. వాటికి వాక్యూమ్ పెట్టి బుడగలు చూసే గాజు పాత్ర కావాలి. ఈ యూనిట్ స్థాయికి మొదటి ఏడాది బకెట్ చాలని నా నిర్ణయం. ముంచిన కవర్లు అమ్మకానికి పోకూడదు, వాటి సంఖ్య రాసి పక్కన పడేయాలి. అది కూడా ప్రశ్న కిందే రాశాం.

సమాధానం గడిలో "అవును/కాదు" బదులు అంకె రాయాలి. అంకె రాయాలంటే ఆ పని చేయక తప్పదు. దాని పక్కన "చూడలేదు" అన్న గడి కూడా పెట్టాం. ఓనరుకు అది మొదట నచ్చలేదు, దాని వల్ల బద్ధకం పెరుగుతుందన్నారు. చూడలేదని రాసే వీలు లేకపోతే అవతలి మనిషికి మిగిలేది టిక్ ఒక్కటే అని చెప్పాక ఒప్పుకున్నారు.

తూకం: ఎవరూ తప్పు చేయకుండా వచ్చిన తప్పు

తూకం ప్రశ్న రాస్తూ ప్రయత్నించి చూసిన రోజు ఒక సంగతి బయటపడింది. 200 గ్రాముల కంది పొడి కవర్లు పది తూచాం. కవరుతో కలిపి వచ్చిన బరువులు: 205.0, 206.2, 203.8, 204.4, 207.0, 204.0, 205.6, 203.2, 204.8, 205.0. సగటు 204.9. ఖాళీ కవరు 5 గ్రాములు కాబట్టి 205 దగ్గర ఉండాలని బల్ల మీద స్టిక్కర్ అంటించి ఉంది. దాని ప్రకారం దాదాపు సరిగ్గానే ఉన్నట్టు.

కానీ ఖాళీ కవర్లు పది కలిపి తూస్తే 52 గ్రాములు వచ్చాయి. అంటే ఒక్కోటి 5.2. కొత్తగా వచ్చిన కవర్ల లాటు కాస్త మందంగా ఉంది. 204.9లోంచి 5.2 తీసేస్తే లోపల పొడి సగటున 199.7 గ్రాములు. ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం 200 గ్రాముల ప్యాకెట్‌లో విడిగా 4.5 శాతం, అంటే 9 గ్రాముల దాకా తేడాకు వీలుంది. మా పదింటిలో అన్నిటికన్నా తక్కువది 198.0 గ్రాములు, ఆ హద్దుకు చాలా ఇవతలే ఉంది. అయితే అదే నిబంధనలు సగటు మాత్రం కవరు మీద వేసిన బరువుకు తగ్గకూడదంటాయి. ఒక్కో ప్యాకెట్ చూస్తే అన్నీ పాస్, సగటు చూస్తే ఫెయిల్. అధికారిక తనిఖీలో ఇంకా ఎక్కువ ప్యాకెట్లు తీస్తారు కాబట్టి పదితో తీర్పు చెప్పలేం. కానీ ఎటు జారుతున్నామో తెలియడానికి పది చాలు.

అందుకే చెక్‌లిస్ట్‌లో తూకానికి మూడు గడులు: ఖాళీ కవర్లు పది కలిపి ఎంత, నిండినవి పది కలిపి ఎంత, రెండింటి తేడా 2000కి తగ్గిందా. పది పదిగా పెట్టడంతో భాగహారం తప్పింది, లెక్క రాదన్న భయం ఉన్నవాళ్ళు కూడా చేయగలుగుతున్నారు. దానికి ముందు ఒక చిన్న పని: 200 గ్రాముల తూకం రాయి కాటా మీద పెట్టి కనిపించిన అంకె రాయాలి. తూనికల శాఖ ముద్ర తేదీ కూడా చూడాలి. అయితే ముద్ర కాటా మీద ఏడాదికోసారి పడుతుంది, కాటా ఏ రోజైనా తప్పు చూపొచ్చు. కాబట్టి రాయి పెట్టి చూడడమే ముఖ్యం.

పల్లీల పొడి తర్వాత ఏది?

ఇది ఏ ఫిర్యాదులోనూ లేదు, కానీ నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. వేరుశనగ పడనివాళ్ళకు కొద్దిపాటి పొడి కూడా ప్రమాదం. లేబులింగ్ నిబంధనల్లో తప్పనిసరిగా ప్రకటించాల్సిన అలర్జీ కారకాల్లో వేరుశనగ ఉంది. ఇక్కడ పల్లీల పొడిని చేత్తో నింపుతారు కాబట్టి ఆగర్‌కు సంబంధం లేదనుకున్నారు. కానీ అదే గరాటు, అదే బల్ల, అవే స్టీలు బేసిన్లు కంది పొడికీ వాడుతున్నారు. కంది పొడి కవరు మీద వేరుశనగ మాటే లేదు.

బల్ల కడిగితే సరిపోతుందా అని అడిగారు. పొడుల గదిలో నీళ్ళు వాడితే తేమ చేరి ఇంకో సమస్య వస్తుంది. గాలి పంపుతో ఊదితే పొడి లేచి అన్నిటి మీదా పడుతుంది. కాబట్టి పల్లీల పొడికి గరాటు, బేసిన్లు, బ్రష్షులు వేరుగా, ఎర్ర రంగువి కొన్నాం. దాన్ని రోజులో చివరి పనిగా పెట్టాం. చెక్‌లిస్ట్‌లో రెండు ప్రశ్నలే: "ఉదయం మొదటి నింపకం మొదలయ్యే ముందు తెల్లగుడ్డతో బల్ల కింది అంచు, కాటా పళ్ళెం కింద తుడవండి. గుడ్డ మీద ఏమైనా కనిపించిందా? గుడ్డను కాగితానికి పిన్ చేయండి." రెండోది, ఎర్ర గరాటు ఆ సమయంలో ఎక్కడుందో రాయమని. "వేరుగా ఉంచారా?" అని అడిగితే "అవును" వస్తుంది. ఎక్కడుందని అడిగితే వెళ్ళి చూడాల్సి వస్తుంది.

తెల్లగుడ్డ శుభ్రంగా వచ్చినంత మాత్రాన వేరుశనగ లేదని రుజువు కాదు. కంటికి కనబడనంత ఉన్నా హాని చేయొచ్చు. అందుకే కంది పొడి కవరు మీద వేరుశనగ ఆనవాళ్ళు ఉండవచ్చన్న హెచ్చరిక అచ్చువేయించాలని నేను పట్టుబట్టాను. పాత కవర్లు అయిపోయేదాకా స్టిక్కర్ వేశారు.

చెక్‌లిస్ట్‌నే పరీక్షించడం

మొదటి ముసాయిదాలో 26 ప్రశ్నలు వచ్చాయి. దాన్ని వాడుకలో పెట్టే ముందు రెండు పరీక్షలు చేశాను. ఈ పని చాలాచోట్ల ఎవరూ చేయరు, నా దృష్టిలో అసలు పని ఇదే.

ఒకటి: సూపర్‌వైజరు, ఆఫీసులో లెక్కలు చూసే అమ్మాయి, ఇద్దరూ ఒకే రోజు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఆడిట్ చేశారు. కాగితాలు పక్కపక్కన పెడితే ఏడు ప్రశ్నల దగ్గర సమాధానాలు వేరుగా ఉన్నాయి. ఆ ఏడింటిలో ఐదింటిలో "శుభ్రంగా", "తగినంత", "సక్రమంగా" అన్న మాటలున్నాయి. తప్పు ఆ ఇద్దరిదీ కాదు, నేను రాసిన ప్రశ్నది. "గోదాములో బస్తాలు సక్రమంగా ఉన్నాయా?" అన్నదాన్ని "గోడకూ బస్తాకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవగలడా? నడిచి చూడండి" అని మార్చాం. మార్చడానికి వీల్లేని నాలుగు ప్రశ్నలు కొట్టేశాం. 22 మిగిలాయి, ఒక కాగితానికి రెండు వైపులా.

రెండు: ఓనరుకు మాత్రమే చెప్పి ఆరు తప్పులు కావాలని పెట్టాను. సీలు గీతలో పొడి ఉన్న కవరు ఒకటి, 2 గ్రాములు ఎక్కువ చూపేలా సున్నా జరిపిన కాటా, తప్పు తేదీ వేసిన కవర్లు, లాటు నంబరు లేని పొడి బస్తా, పసుపు పొడి బేసిన్‌లో ఎర్ర గరాటు, మూత తీసి ఉంచిన ఎలుకల బోను. అమ్మకానికి పోయే సరుకులో ఏదీ కలవకుండా, అన్నీ లెక్కపెట్టి పెట్టి, లెక్కపెట్టి తీశాను. ఇది చేసేవాళ్ళు ఆ జాగ్రత్త తప్పక తీసుకోవాలి.

ఆ అమ్మాయి నాలుగు పట్టుకుంది. బోను తప్పిపోయింది, దాని ప్రశ్న కాగితం చివర్లో ఉంది, అప్పటికి అలిసిపోయింది. తేదీ తప్పిపోవడం మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. ఆమె కవరు చూసింది, తేదీ స్పష్టంగా ఉందని రాసింది. నిజమే, స్పష్టంగానే ఉంది. కానీ కారానికి ఆరు నెలల గడువు, పల్లీల పొడికి మూడు నెలలే. నేను పల్లీల పొడి మీద కారం గడువు వేయించాను. చేతి ప్రింటర్ కిందటి సరుకు సెట్టింగ్ గుర్తుపెట్టుకుంటుంది, కాబట్టి ఇది ఏ రోజైనా నిజంగా జరగగల తప్పు. నా ప్రశ్న "తేదీ చదవగలిగేలా ఉందా?" అని మాత్రమే అడిగింది. ఇప్పుడది ఇలా ఉంది: "బల్ల మీది కవరు ఒకటి తీసుకుని తయారీ తేదీ, గడువు తేదీ ఇక్కడ రాయండి. గోడ మీది పట్టికలో ఈ సరుకు గడువు ఎన్ని నెలలు? రెండూ సరిపోయాయా? తర్వాత అచ్చును బొటనవేలితో పదిసార్లు రుద్దండి. ఏ అంకె చెరిగింది?" నూనె చేతులతో కవరు పట్టుకోవడం వల్లే అచ్చు చెరుగుతోందని కూడా దీనితోనే తెలిసింది. ఇప్పుడు తేదీ నింపకానికి ముందే, ఖాళీ కవరు మీద వేస్తున్నారు.

మార్కులు ఎందుకు వద్దన్నాను

పాత ఫారం చివర శాతం ఉండేది. ఓనరుకు అది ఇష్టం, గోడకు అంటించేవారు. నేను తీసేయించాను. 22లో 21 బాగుండి పదిలో మూడు సీళ్ళు లీకైతే ఆ నెల 95 శాతం వస్తుంది. ఆ 95 సంతోషపడాల్సిన అంకె కాదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తనిఖీ పట్టికలో కూడా నక్షత్రం గుర్తున్న అంశాల్లో ఏది తప్పినా మొత్తం తనిఖీ తప్పినట్టే లెక్క. మేము ప్రతి ప్రశ్న పక్కన మూడింటిలో ఒక మాట రాశాం: "ఆపు", "ఈ రోజే", "ఈ నెలలో". సీలు పదిలో రెండు లీకైతే "ఆపు": మిషన్ ఆపాలి, కిందటి సారి బాగున్న పరీక్ష నుంచి అప్పటిదాకా నింపిన సరుకు పక్కన పెట్టాలి. ఒకటే లీకైతే వెంటనే ఇంకో పది తీసి చూడాలి. "ఆపు" అనే హక్కు ఆడిట్ చేసే మనిషికే ఇచ్చాం, ఓనరుకు ఫోన్ చేసి అడగాల్సిన పని లేదు. దీనికి ఆయన్ని ఒప్పించడానికి రెండు సార్లు కూర్చోవాల్సి వచ్చింది.

ఈ కాగితం చూడలేనివి కొన్ని ఉన్నాయి. పల్లీల్లో బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం, కారంలో రంగు కల్తీ, పురుగుమందుల అవశేషాలు, పొడి తేమ శాతం, ఇవన్నీ ల్యాబు తేల్చాలి. కారంలో తేమ 11 శాతం, పసుపులో 10 శాతం దాటకూడదు, అది చేత్తో పట్టి చూస్తే తెలిసేది కాదు. లైసెన్సు షరతుల ప్రకారం కనీసం ఆరు నెలలకోసారి పరీక్ష చేయించాలి. చెక్‌లిస్ట్‌లో దీనికి ఒక ప్రశ్నే ఉంది: చివరి రిపోర్టులోని లాటు నంబరు రాయండి, ఆ లాటు నమూనా ప్యాకెట్ అల్మరాలో నుంచి తీసి చూపించండి. మొదటిసారి అడిగినప్పుడు నమూనా దొరకలేదు. పాత వాసన వచ్చిన ఆ నాలుగు ప్యాకెట్ల పల్లీలు ఏ బస్తావో కూడా అందుకే తేలలేదు, ఇక తేలదు కూడా.

బెల్టు మార్చారు. గరాటు మూతి సీలు గీతకు రెండంగుళాల కిందికి దిగేలా పొడవుది చేయించారు. మొదటి నెల మధ్యాహ్నం పరీక్షలో పదికి మూడు లీకయ్యాయి, రెండో నెల ఒకటి, మూడో నెల ఏదీ లేదు. మూడో నెల ఆడిట్ సీలర్ దగ్గరి అక్కే చేసింది, తన మిషన్ కాకుండా తూకం బల్లవైపు. ఆమెకు ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. కాటా ప్రశ్న దగ్గర "చూడలేదు" అని రాసి, పక్కన చిన్న అక్షరాలతో "రాయి కనబడలేదు" అని చేర్చింది. వెతికితే 200 గ్రాముల రాయి టీ గదిలో, కాగితాలు ఎగరకుండా వాటి మీద పెట్టి ఉంది. ఇప్పుడు దాన్ని కాటా కాలికి గొలుసుతో కట్టారు.